కూపన్ అంతా ఆదాయం కాదు

5 సంవత్సరాల తర్వాత లక్ష రూపాయలు చేతికి వచ్చే బాండు ఒకటి ఉంది. దాన్ని ఈరోజు 1,08,425 రూపాయలు పెట్టి కొంటున్నారు. వినగానే ఇది నష్టపు బేరంలా అనిపిస్తుంది. కానీ ఆ బాండు ఏటా 8 శాతం వడ్డీ, అంటే 8,000 రూపాయలు ఇస్తుంది. బయట మార్కెట్లో అంతే భద్రత ఉన్న కొత్త బాండ్లు 6 శాతమే ఇస్తున్నాయి. ఆ సంగతి తెలిశాక 1,08,425 ఎక్కువ ధర కాదని అర్థమవుతుంది. మరి అసలు చిక్కు ఎక్కడంటే, ఏటా చేతికొచ్చే 8,000లో నిజమైన ఆదాయం ఎంత, ముందుగా మనం ఎక్కువిచ్చిన సొమ్ము తిరిగి రావడం ఎంత అన్న దగ్గర. ఆ రెండింటినీ విడదీసే లెక్కనే ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ పద్ధతి అంటారు. బ్యాంకులు, బీమా సంస్థలు, పెద్ద కంపెనీల అకౌంటెంట్లకు ఇది రోజువారీ పని. రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో రిటైల్ డైరెక్ట్ పథకం తెచ్చిన తర్వాత సామాన్యులూ ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనుక్కోగలుగుతున్నారు కాబట్టి, ఈ లెక్క ఇంటి పద్దుల దాకా వచ్చినట్టే.

ప్రీమియం ఎందుకు పుడుతుంది

బాండు మీద ముద్రించిన లక్ష రూపాయలు ముఖ విలువ. గడువు తీరిన రోజున వచ్చేది అదే. ఏటా ఇచ్చే వడ్డీని కూపన్ అంటారు. ఈ రెండూ బాండు జారీ అయిన రోజునే ఖరారవుతాయి, తర్వాత మారవు. మారేది మార్కెట్లో వడ్డీ రేటు. మన దేశంలోనే 2014 జనవరి చివర 8 శాతం ఉన్న రెపో రేటు 2020 మే నాటికి 4 శాతానికి దిగింది. ఇలా రేట్లు తగ్గినప్పుడు, పాత రోజుల్లో ఎక్కువ కూపన్‌తో జారీ అయిన బాండ్లకు గిరాకీ పెరుగుతుంది. అమ్మేవాడు ముఖ విలువకు అమ్మడు. ముఖ విలువ మీద అతను అడిగే అదనపు సొమ్మే ప్రీమియం.

మన ఉదాహరణలో ప్రీమియం 8,425 రూపాయలు. ఇది బేరసారాల్లో తేలిన అంకె కాదు, దీని వెనక కచ్చితమైన లెక్క ఉంది. మార్కెట్ రేటు ప్రకారం లక్ష మీద ఏటా 6,000 రావాలి. ఈ బాండు 8,000 ఇస్తోంది. అంటే ఏటా 2,000 అదనం, 5 సార్లు. కూడితే 10,000 అవుతుంది గానీ, రేపు వచ్చే రూపాయి ఈరోజు రూపాయితో సమానం కాదు. 6 శాతం లెక్కన, సంవత్సరం తర్వాత వచ్చే 2,000కు ఈరోజు విలువ 1,887. రెండేళ్ల తర్వాత వచ్చేదానికి 1,780. మూడో సంవత్సరానిది 1,679, నాలుగోది 1,584, అయిదోది 1,495. ఈ అయిదూ కూడితే సరిగ్గా 8,425 వస్తుంది. కొనేవాడు ప్రీమియం రూపంలో చేస్తున్న పని ఇదే: రాబోయే అయిదు అదనపు కూపన్లకు ఈరోజే ధర కట్టి చెల్లిస్తున్నాడు.

ఈ అయిదు అంకెలను గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో ఇవే మళ్లీ వస్తాయి.

8,000ను విడదీయడం

అదనపు కూపన్లకు ముందే డబ్బు కట్టేశాం కాబట్టి, అవి వచ్చినప్పుడు మొత్తాన్ని లాభంగా రాసుకోవడం కుదరదు. అందులో కొంత మన సొమ్మే తిరిగి వస్తోంది. ఎంత అనేది తేల్చడానికి ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ పద్ధతి ఒకే ప్రశ్న అడుగుతుంది: ఈ సంవత్సరం మొదట్లో ఈ బాండులో మన డబ్బు ఎంత ఉంది? దాని మీద 6 శాతమే నిజమైన ఆదాయం. మిగిలినది అసలు.

మొదటి సంవత్సరం మొదట్లో బాండులో ఉన్న డబ్బు 1,08,425. దాని మీద 6 శాతం అంటే 6,505. కూపన్‌గా వచ్చింది 8,000. తేడా 1,495. ఈ 1,495 ఆదాయం కాదు, ప్రీమియంలో తిరిగొచ్చిన భాగం. కాబట్టి బాండు విలువలోంచి దాన్ని తీసేస్తాం. సంవత్సరం చివర పుస్తకాల్లో బాండు విలువ 1,06,930 అవుతుంది. దీన్నే పుస్తక విలువ అంటారు, అకౌంటెంట్ల మాటల్లో క్యారీయింగ్ వాల్యూ. ఇలా ఏటా కొంత కొంత ప్రీమియాన్ని కరిగించడమే అమోర్టైజేషన్.

రెండో సంవత్సరం లెక్క 1,08,425తో మొదలు కాదు, 1,06,930తో మొదలవుతుంది. 6 శాతం 6,416. కూపన్ మామూలుగానే 8,000. కరిగేది 1,584. ఇలా అయిదేళ్లూ వేస్తే పట్టిక ఇలా ఉంటుంది. అంకెలు దగ్గరి రూపాయికి సవరించినవి.

| సంవత్సరం | మొదటి పుస్తక విలువ | కూపన్ | ఆదాయం (6%) | కరిగిన ప్రీమియం | చివరి పుస్తక విలువ |
|---|---|---|---|---|---|
| 1 | 1,08,425 | 8,000 | 6,505 | 1,495 | 1,06,930 |
| 2 | 1,06,930 | 8,000 | 6,416 | 1,584 | 1,05,346 |
| 3 | 1,05,346 | 8,000 | 6,321 | 1,679 | 1,03,667 |
| 4 | 1,03,667 | 8,000 | 6,220 | 1,780 | 1,01,887 |
| 5 | 1,01,887 | 8,000 | 6,113 | 1,887 | 1,00,000 |

అయిదేళ్లలో కూపన్లుగా వచ్చింది 40,000. అందులో ఆదాయం 31,575, కరిగిన ప్రీమియం 8,425. చివరి రోజున పుస్తక విలువ సరిగ్గా లక్షకు చేరింది, చేతికొచ్చేదీ లక్షే. గడువు తీరిన రోజున లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇప్పుడు కరిగిన ప్రీమియం వరుసను కింద నుంచి పైకి చదవండి: 1,887, 1,780, 1,679, 1,584, 1,495. ఇందాక అయిదు అదనపు కూపన్లకు కట్టిన ధరలు ఇవే. ఇది కాకతాళీయం కాదు. మొదటి సంవత్సరం గడిచాక ఇంకా రావలసిన అదనపు కూపన్లు నాలుగు. ఆ రోజున వాటి విలువ 1,887, 1,780, 1,679, 1,584 కలిపి 6,930. పుస్తక విలువ 1,06,930లో లక్ష పోగా మిగిలింది అదే కదా! అంటే ఏ సంవత్సరం చివర చూసినా, పుస్తకాల్లో మిగిలిన ప్రీమియం ఇంకా రాబోయే అదనపు కూపన్ల విలువకు సమానంగా ఉంటుంది. వరుసలోంచి ఏటా ఒక అంకె జారిపోతుంది. మొదట జారేది చిన్నది, చివర జారేది పెద్దది. అందుకే కరిగే మొత్తం ఏటా పెరుగుతూ పోతుంది.

ఇంటి అప్పు తీర్చినవాళ్లకు ఈ నడక కొత్త కాదు. కిస్తీ మొత్తం నెలనెలా ఒకటే అయినా, మొదట్లో అందులో వడ్డీ ఎక్కువ, అసలు తక్కువ ఉంటాయి. పోనుపోను అసలు వాటా పెరుగుతుంది. ఇక్కడ అప్పిచ్చినవాడు బాండు కొన్నవాడు. ప్రీమియం 8,425 అతను ఇచ్చిన అప్పు, ఏటా వచ్చే అదనపు 2,000 కిస్తీ.

పట్టిక సరిగ్గా వేశారో లేదో చూసుకోవడానికి ఇందులోంచే ఒక పరీక్ష దొరుకుతుంది. ఒక సంవత్సరం కరిగిన మొత్తాన్ని 1.06తో గుణిస్తే తర్వాతి సంవత్సరం కరిగేది రావాలి. 1,495ను గుణిస్తే 1,585 దగ్గరికి వస్తుంది, పైసలు సవరించడంలో వచ్చే రూపాయి తేడా తప్ప అది 1,584తో సరిపోతుంది. ఈ నిష్పత్తి ఎక్కడైనా తప్పిందంటే ఆ వరుసలో పొరపాటు జరిగిందన్నమాటే.

సమానంగా పంచేస్తే సరిపోదా?

8,425ను 5తో భాగిస్తే 1,685. ఏటా అంతే తగ్గించేస్తే లెక్క తేలిక కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. దీన్ని స్ట్రెయిట్ లైన్ పద్ధతి అంటారు. ఇందులోనూ అయిదేళ్ల చివర లక్షకే చేరతాం, మొత్తం ఆదాయమూ 31,575 గానే ఉంటుంది. ఏటా 6,315 చొప్పున సమానంగా వస్తుంది.

ఇబ్బంది మధ్యలో ఉంది. మొదటి సంవత్సరం 1,08,425 పెట్టుబడి మీద 6,315 అంటే 5.82 శాతం. చివరి సంవత్సరం మొదట్లో పుస్తక విలువ 1,01,685, దాని మీద అదే 6,315 అంటే 6.21 శాతం. బాండు మారలేదు, ఒప్పందం మారలేదు, కొన్న ధర మారలేదు. అయినా రాబడి ఏటికేడు మెరుగవుతున్నట్టు పుస్తకాలు చూపిస్తున్నాయి. ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ పద్ధతిలో రూపాయల్లో ఆదాయం తగ్గుతుంది, కానీ శాతం మాత్రం అయిదేళ్లూ 6 దగ్గరే నిలబడుతుంది. కొన్న రోజున ఏ రేటుకు ఒప్పుకున్నామో అదే రేటు ప్రతి సంవత్సరం కనిపిస్తుంది.

అమోర్టైజ్డ్ కాస్ట్ మీద ఉంచుకునే బాండ్లకు ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ పద్ధతినే వాడాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 9, దాని ఆధారంగా మన దేశం తెచ్చుకున్న ఇండ్ ఏఎస్ 109 చెబుతున్నాయి. అమెరికా ప్రమాణాలు మాత్రం తేడా పెద్దగా లేనప్పుడు స్ట్రెయిట్ లైన్‌ను ఒప్పుకుంటాయి. మన ఉదాహరణలో ఏ సంవత్సరం ఆదాయంలోనూ తేడా 202 రూపాయలు దాటదు. ఒక్క బాండున్న మనిషికి అది లెక్కలోకి రాకపోవచ్చు. వేల కోట్ల బాండ్లు, 30 ఏళ్ల గడువులున్న బీమా సంస్థకు అదే తేడా చాలా పెద్దదవుతుంది.

పుస్తకాల్లో ఎలా రాస్తారు

మొదటి సంవత్సరం పద్దు మూడు ముక్కల్లో తేలిపోతుంది. బ్యాంకు ఖాతాకు 8,000 డెబిట్. వడ్డీ ఆదాయానికి 6,505 క్రెడిట్. పెట్టుబడి ఖాతాకు 1,495 క్రెడిట్. ప్రీమియానికి విడిగా ఖర్చు ఖాతా తెరవాల్సిన పని లేదు, బాండు విలువే నేరుగా తగ్గుతుంది. బాండు జారీ చేసిన కంపెనీ వైపు ఇదే అద్దంలో కనిపిస్తుంది. ముఖ విలువ కన్నా ఎక్కువ ధరకు జారీ చేస్తే, ఆ కంపెనీ 8,000 చెల్లించినా వడ్డీ ఖర్చుగా 6,505 మాత్రమే రాసి, మిగతా 1,495ను అప్పులోంచి తగ్గిస్తుంది.

స్ప్రెడ్‌షీటులో చేసేవాళ్లకు రెండు సూత్రాలు చాలు. మొదటిది 6 శాతం రాబడికి తగిన ధర చెబుతుంది. రెండోది, ధర తెలిసినప్పుడు రాబడి ఎంతో చెబుతుంది.

```
=PV(6%,5,-8000,-100000)
=RATE(5,8000,-108425,100000)
```

పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయి

చాలామంది తప్పేది రేటు దగ్గర. ఆదాయం లెక్కకు కూపన్ రేటు 8 శాతం వాడితే 1,08,425 మీద 8,674 వస్తుంది. అది కూపన్ కన్నా ఎక్కువ, కాబట్టి పుస్తక విలువ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ప్రీమియం బాండు విలువ పెరుగుతోందంటే రేటు తప్పని అక్కడే పట్టేయవచ్చు. ఇంకొందరు రేటు సరిగ్గానే తీసుకుని, ఏటా మార్కెట్ రేటు మారినప్పుడల్లా దాన్నీ మారుస్తుంటారు. అదీ తప్పే. స్థిర కూపన్ బాండుకు కొన్న రోజున తేలిన రేటే గడువు దాకా వాడాలి.

రెండో చోటు, కొన్న రోజున కట్టిన మొత్తం. బాండును సరిగ్గా కూపన్ తేదీనే కొనడం అరుదు. కూపన్ వచ్చి 3 నెలలైన బాండు కొంటే, ఆ 3 నెలల వడ్డీ 2,000 అమ్మినవాడికి చెందుతుంది. కొనేవాడు దాన్ని ధరతోపాటు కట్టేస్తాడు. ఆ 2,000 ప్రీమియం కాదు. తర్వాతి కూపన్‌తో పూర్తిగా వెనక్కి వచ్చేస్తుంది. బిల్లు మొత్తం చూసి దాన్ని కూడా ప్రీమియంలో కలిపేస్తే, 9 నెలల్లో తీరిపోవాల్సిన సొమ్ము గడువు దాకా సాగుతుంది. బ్రోకరేజీ మాత్రం ఇలా కాదు. 500 రూపాయల రుసుము కడితే పెట్టుబడి 1,08,925 అవుతుంది, నిజమైన రాబడి 6 నుంచి సుమారు 5.89 శాతానికి దిగుతుంది. పట్టికంతా ఆ రేటుతో వేయాలి.

మూడోది, ఏడాదికి రెండుసార్లు వచ్చే కూపన్లు. మన ప్రభుత్వ బాండ్లు సాధారణంగా ఆరు నెలలకొకసారి వడ్డీ ఇస్తాయి. అప్పుడు లెక్క 5 సంవత్సరాలు, 6 శాతం, 8,000గా కాకుండా 10 అర్ధ సంవత్సరాలు, 3 శాతం, 4,000గా మారుతుంది. ధర కూడా 1,08,530 అవుతుంది. మొదటి ఆరు నెలలకు ఆదాయం 3,256, కరిగే ప్రీమియం 744. ఏడాది పట్టికలోని అంకెను సగం చేస్తే 747 వస్తుంది. దగ్గరగానే ఉన్నా ఒకటి కాదు, చివర్లో పుస్తక విలువ లక్షకు చేరకుండా కొసరు మిగిలిపోతుంది.

నాలుగోది అన్నిటికన్నా ఖరీదైనది. కొన్ని బాండ్లకు జారీదారు గడువుకు ముందే డబ్బిచ్చి వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది. దీన్ని కాల్ అంటారు. మన బాండును మూడో సంవత్సరం చివర ముఖ విలువకు వెనక్కి తీసుకున్నారనుకుందాం. ఆ రోజున పుస్తక విలువ 1,03,667, చేతికొచ్చేది లక్ష. ఇంకా కరగని 3,667 ఒక్క రోజులో నష్టంగా తేలుతుంది. నిజానికి ఆ మూడేళ్లలో వచ్చిన రాబడి 6 శాతం కాదు, సుమారు 4.9 శాతమే. రేట్లు తగ్గినప్పుడే జారీదారుకు పాత ఖరీదైన అప్పు తీర్చేయాలనిపిస్తుంది, బాండ్లకు ప్రీమియం పుట్టేదీ అప్పుడే. అందుకే అమెరికా అకౌంటింగ్ బోర్డు 2017లో నియమం మార్చి, ముందుగా నిర్ణయించిన ధరకు, తేదీకి కాల్ చేయగల బాండ్ల ప్రీమియాన్ని గడువు దాకా కాకుండా మొదటి కాల్ తేదీ లోపలే కరిగించాలని చెప్పింది. కొనేవాళ్లు కూడా కాల్ తేదీ దాకా రాబడి ఎంతో విడిగా చూసుకోవడం మేలు.

పుస్తక విలువ, మార్కెట్ ధర వేర్వేరు

పట్టికలో మూడో సంవత్సరం చివర 1,03,667 ఉంది కాబట్టి ఆ రోజు బాండు అంతకే అమ్ముడవుతుందని కాదు. మార్కెట్ రేటు 6 శాతం దగ్గరే ఉంటేనే ఈ రెండూ కలుస్తాయి. రేటు మారితే మార్కెట్ ధర తన దారిన పోతుంది, పుస్తక విలువ కదలదు. అందుకే ఈ లెక్క గడువు దాకా అట్టిపెట్టుకోదలచిన బాండ్లకే తగినది. మన రిజర్వ్ బ్యాంకు కూడా గడువు దాకా ఉంచుకునే వర్గంలోని బాండ్లను మార్కెట్ ధరకు మార్చనక్కర్లేదని, ప్రీమియం లేదా డిస్కౌంటును మిగిలిన గడువులో కరిగించాలని బ్యాంకులకు చెప్పింది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో ఇది ఉంది.

మార్కెట్ ధరకు, పుస్తక విలువకు మధ్య దూరం ఎంత పెరగగలదో 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు లోకం చూసింది. 2022 చివర ఆ బ్యాంకు గడువు దాకా ఉంచుకునే పెట్టుబడులు పుస్తకాల్లో సుమారు 9,100 కోట్ల డాలర్లు. మార్కెట్ ధర లెక్కన చూస్తే సుమారు 7,600 కోట్లే. లెక్కలు నిబంధనల ప్రకారమే ఉన్నాయి. కానీ డిపాజిటర్లు ఒక్కసారిగా డబ్బడిగినప్పుడు గడువు దాకా ఆగే వీలు లేకపోయింది.

మధ్యలో అమ్మాల్సి వస్తే లాభనష్టాలు కూడా పుస్తక విలువతోనే పోల్చాలి. మూడో సంవత్సరం చివర మన బాండు 1,04,000కు అమ్ముడైతే, 1,08,425కు కొన్నాం కదా అని 4,425 నష్టం రాయడం సరికాదు. అందులో 4,758 కూపన్ల రూపంలో అప్పటికే వెనక్కి వచ్చేసింది. 1,03,667తో పోలిస్తే 333 లాభం. ఇదంతా అకౌంటింగ్ లెక్క. ఆదాయపు పన్ను లెక్కకు దాని నియమాలు దానికి వేరుగా ఉంటాయి కాబట్టి ఈ పట్టికను యథాతథంగా రిటర్నులో వాడకూడదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ లెక్క పన్ను కాగితాల్లోనే ఎదురవుతుంది. అక్కడి 1099-INT ఫారంలో బాండ్ ప్రీమియం కోసం ప్రత్యేకమైన గడులున్నాయి.

ఎంత ఖర్చు పెట్టుకోవచ్చు

కూపన్ మీద బతికేవాళ్లకు పట్టికలో పనికొచ్చే నిలువు వరుస నాలుగోది. మొదటి ఏడాది 8,000 మొత్తం ఖర్చు పెట్టేస్తే, అందులో 1,495 మన మూలధనమే. అయిదేళ్లూ అలాగే చేస్తే 1,08,425తో మొదలైనవారి దగ్గర చివరికి లక్ష మిగులుతుంది. అలా కాకుండా 6,505 మాత్రమే ఖర్చు పెట్టి 1,495ను 6 శాతం వచ్చేచోట దాచారనుకుందాం. రెండో సంవత్సరం బాండు ఆదాయం 6,416, దాచిన దాని మీద వడ్డీ 90, రెండూ కలిపి 6,506. దగ్గరదగ్గర మొదటి ఏడాది అంతే. పట్టికలో ఆదాయం ఏటా తగ్గుతూ కనిపించడానికి కారణం బాండు చతికిలపడటం కాదు. మన డబ్బు కొంచెం కొంచెంగా దానిలోంచి బయటికి వస్తోంది, అంతే. అయితే బయటికొచ్చిన ఆ డబ్బుకు మళ్లీ 6 శాతం దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. బ్యాంకు 5 శాతమే ఇస్తే ఆదాయం ఆ మేరకు తగ్గుతుంది.

బాండు కొనేముందు కూపన్ పెద్దదా చిన్నదా అని చూసి మురిసిపోతే ఇక్కడే దెబ్బతింటాం. లక్షకు దొరికే 6 శాతం కూపన్ బాండు, 1,08,425కు దొరికే 8 శాతం కూపన్ బాండు, రెండూ ఇచ్చేది 6 శాతమే. రెండోది చేతికి ఎక్కువ డబ్బు ఇస్తుంది, ఎందుకంటే మనం ముందుగా ఎక్కువ ఇచ్చాం.